ఒక రిపోర్టులో ‘తక్కువ’, ఇంకో రిపోర్టులో ‘ఎక్కువ’: ఎన్‌ఐపీటీ నుంచి ఉమ్మనీటి పరీక్ష వరకు నా అనుభవం

గర్భం పదమూడో వారంలో ఉండగా నా చేతికి రెండు రిపోర్టులు వచ్చాయి. రెండింటికీ రక్తం ఒకే రోజు తీసుకున్నారు. అప్పటికి నా వయసు 31. మొదటిది ఎన్‌టీ స్కానును, డబుల్ మార్కర్ రక్తపరీక్షను కలిపి లెక్కగట్టిన రిపోర్టు. అందులో 21వ క్రోమోజోము మూడు ప్రతులు ఉండే డౌన్ సిండ్రోమ్‌కు 1:1900, ట్రైసోమీ 13కు 1:10000 అని వేసి, రెండింటి ఎదురుగా ‘లో రిస్క్’ అని రాశారు. రెండోది తల్లి రక్తంలో తేలే డీఎన్‌ఏ ముక్కలను బట్టి బిడ్డ క్రోమోజోములను అంచనా వేసే ఎన్‌ఐపీటీ పరీక్ష రిపోర్టు. అందులో 21వ, 18వ క్రోమోజోముల ఎదురుగా ‘లో రిస్క్’ అని ఉండగా, 13వ క్రోమోజోము ఎదురుగా మాత్రం ఎర్ర అక్షరాలలో ‘హై రిస్క్’ అని ఉంది. కింద చిన్న అక్షరాలలో ఈ పరీక్ష సున్నితత్వం 99 శాతం, నిర్దిష్టత 99.9 శాతం అని ముద్రించి ఉంది.

ట్రైసోమీ 13 అంటే 13వ క్రోమోజోము రెండు ప్రతులకు బదులు మూడు ఉండడం. దీనినే పటావ్ సిండ్రోమ్ అని కూడా అంటారు. మెదడు, గుండె, ముఖం ఏర్పడే తీరులోనే తీవ్రమైన లోపాలు వస్తాయి. ఈ స్థితితో పుట్టిన పిల్లలలో అత్యధికులు మొదటి సంవత్సరం దాటరు. కాబట్టి ఆ ఎర్ర అక్షరాలను చూసి మా ఇంట్లో అందరూ ఏమనుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. మా వారు ఆ చిన్న అక్షరాల వాక్యాన్ని పైకి చదివి, “అంటే బిడ్డకు ఈ స్థితి ఉండే అవకాశం 99 శాతమా?” అని డాక్టరుగారిని అడిగారు. ఆవిడ కాదని ఒక్క మాటలో చెప్పి, ఎందుకు కాదో తీరికగా వివరించడానికి జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరకు పంపించారు. ఆ రోజు ఆయన మా ముందు కాగితం మీద వేసి చూపిన లెక్క వల్లే తరువాతి వారాలలో మేము తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఒక ఆధారం దొరికింది. అందుకే దానిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా మొదటి రిపోర్టు సంగతి. 11వ వారం నుంచి 13 వారాల 6 రోజుల లోపు పిండం మెడ వెనుక చర్మం కింద ఉండే పలుచని ద్రవపు పొర మందాన్ని స్కానులో కొలుస్తారు. అదే ఎన్‌టీ. నాకు అది 1.6 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ వయసు పిండానికి అది మామూలు కొలతే. దీనితోపాటు తల్లి రక్తంలో పాప్-ఏ, ఫ్రీ బీటా హెచ్‌సీజీ అనే రెండు పదార్థాలను కొలుస్తారు. ఆ రెండూ మావి నుంచి వచ్చేవే. వాటి విలువలను నేరుగా రాయకుండా, అదే గర్భవయసులో ఉన్న స్త్రీల మధ్యస్థ విలువతో పోల్చి ఎన్ని రెట్లు ఉన్నదో రాస్తారు. 1.0 అంటే సరిగ్గా నడిమి విలువ అన్నమాట. నా పాప్-ఏ 0.45. అంటే నడిమి విలువలో సగానికి కొంచెం తక్కువ. బీటా హెచ్‌సీజీ 0.8. డౌన్ సిండ్రోమ్‌లో సాధారణంగా పాప్-ఏ తగ్గి, బీటా హెచ్‌సీజీ పెరుగుతుంది. ట్రైసోమీ 13, 18లలో రెండూ తగ్గుతాయి. నా వయసుకు సహజంగా ఉండే అవకాశంతో మొదలుపెట్టి, ఎన్‌టీ, గుండె వేగం, ఈ రెండు రక్తపు విలువలు ఆ అవకాశాన్ని ఎంత పెంచాయో, ఎంత తగ్గించాయో వరుసగా లెక్కించి చివరకు ఒక నిష్పత్తి వేస్తారు.

ఆ నిష్పత్తి పక్కన ఉండే ‘లో’, ‘హై’ అనే మాటల కంటే ఆ నిష్పత్తినే చదవడం మేలు. 1:1900 అంటే సరిగ్గా నావంటి ఫలితాలే వచ్చిన 1900 మందిలో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉంటుందని, మిగిలిన 1899 మందికి ఉండదని అర్థం. ఆ ఒక్కరు నేను కానని ఆ రిపోర్టు చెప్పదు. ‘లో’, ‘హై’ల మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఆయా ఆరోగ్య వ్యవస్థలు నిర్ణయించుకునే విషయం. కొన్నిచోట్ల 1:150 దగ్గర గీస్తారు, కొన్నిచోట్ల 1:250 దగ్గర గీస్తారు. 1:200 వచ్చిన ఒకే స్త్రీ ఒకచోట హై రిస్క్, మరొకచోట లో రిస్క్ అవుతుంది. ఆమె కడుపులోని బిడ్డలో మాత్రం ఏ మార్పూ ఉండదు.

ఇక ఎన్‌ఐపీటీ. పదో వారం దాటాక తల్లి చేతి నుంచి తీసిన రక్తంలో, కణాల నుంచి విడివడి తేలుతుండే డీఎన్‌ఏ ముక్కలను ఈ పరీక్ష లెక్కిస్తుంది. వాటిలో ఎక్కువ భాగం తల్లివే. సుమారు పదో వంతు గర్భం నుంచి వచ్చినవి. వీటినే రిపోర్టులో ‘ఫీటల్ ఫ్రాక్షన్’ అని రాస్తారు. నాకు అది 8 శాతం ఉంది. ఇది మరీ తక్కువగా ఉంటే, అంటే దాదాపు 4 శాతం కంటే తగ్గితే, చాలా ల్యాబులు ఫలితం ఇవ్వకుండా రక్తం మళ్లీ పంపమంటాయి. ఫలితం రాలేదంటే తక్కువ రిస్క్ అని కాదు. తల్లి బరువు ఎక్కువగా ఉన్నా, పరీక్ష మరీ తొందరగా చేసినా ఇలా జరగవచ్చు. ట్రైసోమీ 13, 18లలోనూ ఈ శాతం తగ్గే అవకాశం ఉంది.

ఈ పరీక్ష చూసే తేడా ఎంత సన్ననిదో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఫ్రాక్షన్ 8 శాతం ఉన్నప్పుడు, గర్భంలో 13వ క్రోమోజోము రెండు ప్రతులే ఉంటే ఆ క్రోమోజోముకు చెందిన ముక్కలు 100 దొరుకుతాయనుకుందాం. అదే మూడు ప్రతులు ఉంటే దొరికేవి 104. లక్షల సంఖ్యలో ముక్కలను లెక్కించడం వల్లనే 100కూ 104కూ మధ్య తేడాను ల్యాబు నమ్మకంగా పట్టగలుగుతుంది.

అయితే కౌన్సెలర్‌గారు మాకు మొట్టమొదట చెప్పినది ఈ లెక్క గురించి కాదు. ‘ఫీటల్’ అని పేరు పెట్టినప్పటికీ ఆ ముక్కలు నిజానికి బిడ్డ శరీరం నుంచి వచ్చేవి కావు, మావి పైపొర కణాల నుంచి వచ్చేవి అన్నది ఆయన మొదటి మాట. మావీ బిడ్డా ఒకే ఫలదీకరణ అండం నుంచి ఏర్పడతాయి కాబట్టి మామూలుగా రెండింటి క్రోమోజోములూ ఒకటిగానే ఉంటాయి. కానీ తొలి రోజులలోనే కణ విభజనలో తేడా జరిగితే, మావిలో కొన్ని కణాలకు మూడు ప్రతులు, బిడ్డలో అన్ని కణాలకు రెండే ప్రతులు ఉండే అవకాశం ఉంది. దీనిని మావికే పరిమితమైన మొజాయిసిజం అంటారు. అలాంటప్పుడు ఎన్‌ఐపీటీ తన పని తాను సరిగానే చేసినట్టు. మావిలో ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పింది, అంతే. మనకు కావలసినది బిడ్డ గురించి. ఇవి కాక, మొదట ఇద్దరు పిల్లలుగా మొదలై ఒక పిండం ఆగిపోయిన సందర్భాలలోనూ, తల్లి కణాలలోనే ఏదైనా మార్పు ఉన్నప్పుడూ, అరుదుగా తల్లికి తెలియని కణితి ఉన్నప్పుడూ ఇలాంటి తప్పుడు ‘హై’ రావచ్చునని చెప్పి, మొదటి స్కానులో రెండో సంచి కనిపించిందా అని ఆయన నా పాత కాగితాలు తిరగేశారు. అలాంటిదేమీ లేదు.

తరువాత మా వారి ప్రశ్నకు జవాబుగా లెక్క మొదలుపెట్టారు. “99 శాతం అన్నది బిడ్డకు ఈ స్థితి ఉన్న తల్లులలో ఎంతమందిని పరీక్ష పట్టుకుంటుందో చెప్పే సంఖ్య అండీ. పరీక్ష పట్టుకున్న తల్లులలో ఎంతమంది బిడ్డలకు నిజంగా ఉందన్నది మీ ప్రశ్న. దాని జవాబు ఈ రిపోర్టులో లేదు, మీ మొదటి రిపోర్టులో ఉంది” అన్నారు.

నా మొదటి రిపోర్టు ప్రకారం నాకు ట్రైసోమీ 13 అవకాశం 1:10000. నావంటి లక్ష మందిని తీసుకుంటే, పదిమంది బిడ్డలకు ఆ స్థితి ఉంటుంది. 99,990 మందికి ఉండదు. ఆ పదిమందిలో దాదాపు అందరినీ ఎన్‌ఐపీటీ పట్టుకుంటుంది. ఇక లేనివారి సంగతి. నిర్దిష్టత 99.9 శాతం అంటే స్థితి లేని ప్రతి వెయ్యి మందిలో ఒకరికి పొరపాటున ‘హై’ వస్తుందని అర్థం. 99,990 మందిలో అలా వచ్చేవారు దాదాపు 100 మంది. అంటే మొత్తం ‘హై’ వచ్చినవారు 110 మంది, వారిలో నిజంగా ఉన్నది పదిమందికి. పదకొండుకు ఒకటి, లేదా 9 శాతం. ల్యాబు అసలు నిర్దిష్టత ముద్రించినదానికంటే కొంత మెరుగ్గా ఉంటే, ఉదాహరణకు పదివేలలో నాలుగే తప్పులు వస్తే, తప్పుడు ‘హై’లు నలభైకి తగ్గి ఈ నిష్పత్తి అయిదింట ఒకటి అవుతుందని కూడా ఆయన చెప్పారు. ఏ విధంగా చూసినా 99కి దగ్గరలో లేదు.

ఇదే పరీక్ష, ఇదే ‘హై’ అనే మాట మరొకరి విషయంలో పూర్తిగా వేరే అర్థం ఇస్తుంది. మా అక్కకు అంతకు ముందు డబుల్ మార్కర్, ఎన్‌టీ కలిపిన పరీక్షలో డౌన్ సిండ్రోమ్‌కు 1:110 వచ్చింది. అందుకు ఆమె వయసు, పెరిగిన బీటా హెచ్‌సీజీ కారణాలు. ఆమె కథ వేరుగా ముగిసింది కానీ, ఆ సంఖ్యతోనూ ఇదే లెక్క వేసి చూపమని నేనే అడిగాను. అక్కవంటి 11,000 మందిని తీసుకుంటే 100 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉంటుంది, 10,900 మందికి ఉండదు. వందలో 99 మందిని ఎన్‌ఐపీటీ పట్టుకుంటుంది. లేనివారిలో వెయ్యికి ఒకరు చొప్పున దాదాపు 11 మందికి తప్పుడు ‘హై’ వస్తుంది. ఇక్కడా మొత్తం ‘హై’లు 110 మందే. కానీ వారిలో నిజమైనవి 99. అంటే అక్కకు ‘హై’ వచ్చి ఉంటే అది 90 శాతం నిజమై ఉండేది. నా ‘హై’ 9 శాతం. పరీక్ష నాణ్యత రెండుచోట్లా ఒకటే అయినా, పరీక్షకు ముందు మా ఇద్దరి అవకాశాలు ఒకటి కాదు.

అక్కకు వచ్చింది ‘లో’. దానిని ఎలా చదవాలన్నది కూడా ఇదే కాగితం మీద ఉంది. ‘లో’ వచ్చిన దాదాపు 10,890 మందిలో పరీక్ష పట్టుకోలేకపోయినది ఒకరిని. 1:110 కాస్తా 1:10890 అయింది. సున్నా కాలేదు గాని, అక్కకు అది చాలనిపించి, కడుపులోకి సూది పంపి చేసే నిర్ధారణ పరీక్ష వద్దనుకుంది. ఆమెకు ఆ వెసులుబాటు దొరకడానికి స్కాను మామూలుగా ఉండడమూ ఒక కారణం. ఎన్‌టీ 3.5 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉన్నా, స్కానులో అవయవ లోపం కనిపించినా, ఎన్‌ఐపీటీ ‘లో’ వచ్చిందని ఊరుకోవడం సరికాదు. ఎందుకంటే ఎన్‌ఐపీటీ ప్రధానంగా వెతికేది కొన్ని క్రోమోజోముల ప్రతుల సంఖ్యనే. ఎన్‌టీ పెరగడానికి, గుండెలో లోపానికి అది వెతకని కారణాలు ఎన్నో ఉంటాయి.

నా విషయానికి వస్తే, ఆ 9 శాతాన్ని పైకో కిందకో జరపగలిగిన తరువాతి సాక్ష్యం వివరమైన స్కాను. ట్రైసోమీ 13 ఉన్న పిండాలలో చాలావాటికి పదమూడో వారానికే నిపుణుల కంటికి కనిపించే తేడాలు ఉంటాయి. మెదడు రెండు అర్ధభాగాలుగా విడిపోకపోవడం, పొట్టగోడ నుంచి పేగు బయటికి రావడం, మూత్రాశయం ఉబ్బిపోవడం, గుండె వేగం మితిమీరడం వంటివి. పిండవైద్యంలో శిక్షణ ఉన్న డాక్టరు ఒకరు చాలాసేపు ఓపికగా చూసి, మెదడు నడిమి గీత స్పష్టంగా ఉందని, ముఖం, పొట్టగోడ, మూత్రాశయం మామూలుగా ఉన్నాయని, గుండె వేగం నిమిషానికి 158 అని రాశారు. దీనివల్ల నా అవకాశం 9 శాతం కంటే బాగా తగ్గిందని కౌన్సెలర్‌గారు అన్నారు గాని, దానికి కచ్చితమైన అంకె వేయలేదు. స్కాను కూడా అవకాశాన్ని అంచనా వేసే స్క్రీనింగే. కనిపించకపోవడం లేకపోవడానికి రుజువు కాదు. రుజువు కావాలంటే బిడ్డ క్రోమోజోములనే చూడాలి.

అందుకు రెండు పద్ధతులు ఉన్నాయి. 11 నుంచి 14 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసే సీవీఎస్ ఒకటి. 15 వారాలు నిండాక ఉమ్మనీరు తీసే ఆమ్నియోసెంటెసిస్ మరొకటి. నేను పదమూడో వారంలో ఉన్నాను కాబట్టి సీవీఎస్ వెంటనే చేయించుకోవచ్చు. అత్తయ్యగారు సహా ఇంట్లో అందరూ “తొందరగా తేలిపోతుంది, అదే చేయించు” అన్నారు. నాకూ అదే చేయించుకోవాలనిపించింది. కానీ డాక్టరుగారు, కౌన్సెలర్‌గారు ఇద్దరూ ఆగమన్నారు. అనుమానం మావికీ బిడ్డకూ తేడా ఉందేమోనన్నది అయినప్పుడు, మళ్లీ మావినే తీసి పరీక్షిస్తే ఎన్‌ఐపీటీ చెప్పినదాన్నే మరోసారి చెప్పే ప్రమాదం ఉంది. సీవీఎస్‌లో మూడు ప్రతులు కనిపించినా అవి బిడ్డలో ఉన్నాయో లేదో తేలక, చివరకు ఉమ్మనీరు తీయవలసిందే అవుతుంది. అంటే రెండుసార్లు సూది. మావి మొజాయిసిజం సీవీఎస్‌లలో దాదాపు నూటికి ఒకటి రెండు సందర్భాలలో కనిపించేదే. స్కానులో లోపాలు కనిపించి ఉంటే లెక్క మారేది. అప్పుడు బిడ్డలో ఉన్నట్టే అన్న బలమైన సాక్ష్యం ఉంటుంది కాబట్టి సీవీఎస్ సరిపోయేది. పైగా అన్ని క్రోమోజోములూ ఈ విషయంలో ఒకేలా ప్రవర్తించవు. మావికే పరిమితమయ్యే స్వభావం 21తో తక్కువ, 13తో ఎక్కువ. కాబట్టి డౌన్ సిండ్రోమ్‌కు ‘హై’ వచ్చినవారికి నా సలహా ఇదే అని అనలేను.

పోనీ ఉమ్మనీటినే కొంచెం ముందుగా తీయలేరా అని అడిగాను. 15 వారాలకు ముందు చేస్తే గర్భస్రావం ప్రమాదమూ, బిడ్డ పాదాలు వంకర తిరిగే ప్రమాదమూ పెరుగుతాయని అధ్యయనాలలో తేలినందువల్ల అలా చేయరని చెప్పారు. వేచి ఉండడం తప్పలేదు. ఆ వారాలలో ఒక విషయం మాత్రం మా ఇద్దరికీ స్పష్టంగా ఉంది. గర్భం విషయంలో వెనక్కు తీసుకోలేని ఏ నిర్ణయమూ ఎన్‌ఐపీటీ కాగితం ఆధారంగా తీసుకోకూడదు. అలా తీసుకుని ఉంటే, నావంటి 110 మందిలో 100 మంది క్రోమోజోములు మామూలుగానే ఉన్న బిడ్డను పోగొట్టుకుని ఉండేవారు. ఆ లెక్క కాగితాన్ని మా వారు మడిచి పర్సులో పెట్టుకున్నారు. ఎవరైనా బంధువు 99 శాతం మాట ఎత్తినప్పుడల్లా దానిని తీసి చూపేవారు.

పదహారో వారంలో పరీక్ష జరిగింది. ముందు నా రక్తం గ్రూపు చూశారు. ఆర్‌హెచ్ నెగటివ్ అయినవారికి ఈ పరీక్ష తరువాత యాంటీ-డీ ఇంజెక్షను ఇవ్వాలి. నాది పాజిటివ్ కాబట్టి అవసరం రాలేదు. స్కానులో మావి ఎక్కడ ఉంది, బిడ్డ ఎటు ఉంది చూసి, పొట్ట మీద ఒక చోటు ఎంచుకుని శుభ్రం చేసి, స్కానులో సూది మొన కనిపిస్తుండగానే సన్నని సూదిని లోపలికి పంపించారు. మత్తు ఇవ్వలేదు. చర్మం దగ్గర మామూలు సూది నొప్పి, గర్భాశయపు గోడ దాటేటప్పుడు నెలసరి నొప్పిలాంటి ఒక బిగింపు, అంతే. మొదట వచ్చిన ఒకటి రెండు మిల్లీలీటర్లను పక్కన పెట్టారు. సూది దారిలో అంటుకున్న తల్లి కణాలు అందులో కలిసి వస్తే బిడ్డ ఫలితం బదులు తల్లి ఫలితం వచ్చే ప్రమాదం ఉంటుందట. తరువాత దాదాపు 20 మిల్లీలీటర్ల ఉమ్మనీరు తీశారు. పోల్చి చూడడానికి నా రక్తం కూడా కొంచెం పంపించారు. గర్భం పోయే ప్రమాదం ఎంత అని అంతకు ముందే అడిగాను. ఈ పని తరచుగా చేసే నిపుణుల చేతిలో, సూది వల్ల అదనంగా కలిగే ప్రమాదం 200లో ఒకటి కంటే తక్కువ అన్నారు. ఆ సమయంలో నా అవకాశం దానికంటే ఎక్కువే ఉంది కాబట్టి నాకు తూకం తేలికగానే కుదిరింది. ఆ రోజూ మరునాడూ విశ్రాంతిగా ఉండి, నీరు కారినా, రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా వెంటనే రమ్మన్నారు. కొంచెం పొట్ట పట్టేసినట్టు ఉండడం తప్ప ఏమీ రాలేదు.

ఈ నీటితో రెండు పరీక్షలు జరుగుతాయి. మొదటిది క్యూఎఫ్-పీసీఆర్. ఉమ్మనీటిలోని బిడ్డ కణాల నుంచి నేరుగా డీఎన్‌ఏ తీసి 13, 18, 21, లింగ క్రోమోజోముల ప్రతుల సంఖ్యను మాత్రమే చూస్తారు. రెండు మూడు పనిదినాలలో ఫలితం వస్తుంది. రెండోది కారియోటైపు. కణాలను పెంచి, విభజన సమయంలో ఆపి, మైక్రోస్కోపులో క్రోమోజోములన్నింటినీ వరుసగా చూస్తారు. దానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. మొదటి ఫలితంలో 13వ క్రోమోజోము రెండు ప్రతులే ఉన్నాయని, నమూనాలో తల్లి కణాల కల్తీ లేదని వచ్చింది. ఆ రెండో వాక్యం కోసం నేను ప్రత్యేకంగా వెతికి చూశాను. అది లేకపోతే మొదటి వాక్యానికి విలువ తగ్గుతుంది. తరువాత కారియోటైపులో చూసిన కణాలన్నింటిలోనూ 46 క్రోమోజోములే ఉన్నాయని వచ్చింది.

ఈ కాగితం మీద ‘లో’, ‘హై’ అనే మాటలు లేవు, నిష్పత్తి లేదు. ఉందా లేదా అన్నదే ఉంది. స్క్రీనింగుకూ నిర్ధారణకూ ఉన్న తేడా అదే. అయినా నిర్ధారణ పరీక్షకూ తన హద్దులు ఉన్నాయని కౌన్సెలర్‌గారు ఆ సంతోషంలోనే గుర్తుచేశారు. చూసిన కణాలన్నీ మామూలుగా ఉండడం వల్ల బిడ్డలో పెద్ద మోతాదులో మొజాయిసిజం లేదని చెప్పవచ్చు గాని, శరీరంలో ఎక్కడో అతి కొద్ది కణాలలో కూడా లేదని ఏ పరీక్షా చెప్పలేదు. మైక్రోస్కోపుకు అందనంత చిన్న ముక్కలు పోయినా, చేరినా కారియోటైపులో కనిపించవు. వాటికి మైక్రోఅర్రే అనే పరీక్ష వేరే ఉంది. థలసీమియా వంటి ఒక్క జన్యువు మార్పుతో వచ్చే వ్యాధులను ఇవేవీ చూడవు. నాకు మైక్రోఅర్రే అవసరమా అని అడిగితే, స్కాను మామూలుగా ఉన్నది కనుక 20వ వారం స్కాను చూసి నిర్ణయిద్దామన్నారు. ఆ స్కానులోనూ ఏమీ కనిపించలేదు, పరీక్ష చేయించలేదు.

బిడ్డ విషయం తేలినా, మావి విషయం మిగిలే ఉంది. ఎన్‌ఐపీటీ చెప్పినది నిజమైతే నా మావిలో కొంత భాగం మూడు ప్రతుల కణాలతో పనిచేస్తున్నట్టు. అలాంటి మావి కొన్నిసార్లు బిడ్డకు పోషణ సరిగా అందించలేకపోవచ్చు. పైగా నా పాప్-ఏ కూడా తక్కువ వైపే ఉంది. అందువల్ల 28వ వారం నుంచి బిడ్డ ఎదుగుదలను, బొడ్డుతాడులో రక్తప్రవాహాన్ని స్కానులలో చూస్తూ వచ్చారు, నా రక్తపోటునూ గమనించారు. బిడ్డ బరువు నడిమి గీతకు కిందుగానే అయినా తన గీతను వదలకుండా పెరిగింది. ఎన్‌ఐపీటీ తప్పని తేలిపోయింది కదా, ఇక ఈ స్కానులు ఎందుకు అని ఇంట్లో ఒకరిద్దరు అడిగారు. తప్పని తేలింది బిడ్డ విషయంలో మాత్రమే.

ప్రసవానికి ముందే డాక్టరుగారితో మాట్లాడి, మావిని పరీక్షకు పంపడానికి ఏర్పాటు చేసుకున్నాము. బిడ్డకు దీనివల్ల ఒరిగేది ఏమీ లేదు, ఎందుకలా వచ్చిందో తెలుసుకోవాలన్న మా కోరికే కారణం. మావి మొత్తం ఒకే రీతిగా ఉండదు కాబట్టి దూరదూరంగా ఉన్న నాలుగు చోట్ల నుంచి ముక్కలు తీసుకున్నారు. రెండు ముక్కలలో 13వ క్రోమోజోము మూడు ప్రతులు ఉన్న కణాలు దొరికాయి, మిగిలిన రెండింటిలో దొరకలేదు. ఒకే చోట నుంచి తీసి ఉంటే ఏ జవాబైనా వచ్చి ఉండేది. మరోసారి గర్భం వస్తే ఏమిటని అడిగినప్పుడు, ఇది ఈ గర్భంలో కణ విభజన సమయంలో జరిగినది కాబట్టి, అప్పటి నా వయసుకు ఉండే అవకాశంతోనే లెక్క మొదలుపెడతామని, ఎన్‌ఐపీటీ చేయించుకోవడానికి అడ్డు ఏమీ లేదని, అయితే ఈ మావి రిపోర్టును మాత్రం ఫైలులో ఉంచుకుని వచ్చేటప్పుడు తెమ్మని కౌన్సెలర్‌గారు చెప్పారు.